తమ్ముడికి పాఠం చెబితే టైమ్ వేస్టా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. ఫిజిక్స్ నోట్స్ చూడకుండా అప్పజెప్పేస్తుంది, వీక్లీ టెస్టులో మాత్రం తెలిసిన పాఠంలోనే మార్కులు పోగొట్టుకుంటోంది. ఈ మధ్య ఏడో తరగతి చదివే తమ్ముణ్ని కూర్చోబెట్టుకుని నోట్స్ పైకి వివరిస్తోంది. జేఈఈ టెన్షన్‌లో ఇదంతా టైమ్ వేస్ట్ కదా? మాన్పించమంటారా?
– ఒక తల్లి

జవాబు: మాన్పించకండి. ఎందుకో ఒక చిన్న కథలో చెబుతాను. మనుషులు కల్పితం, అందులోని తప్పులు మాత్రం పిల్లల నోట్స్‌లో తరచూ కనిపించేవే.

సింధు తమ్ముడు చింటూకి నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి గురించి చెబుతోంది. "పైకి పోయేకొద్దీ వేగం తగ్గుతుంది. గరిష్ఠ ఎత్తు దగ్గర వేగం సున్నా. అక్కడ త్వరణం కూడా సున్నా." నోట్స్ మార్జిన్‌లో తను రాసుకున్నదే అది.

"రెండూ సున్నా అయితే బంతి అక్కడే ఉండిపోవాలి కదక్కా?"

"గ్రావిటీ లాగుతుందిరా."

"మరి లాగుతుంటే త్వరణం సున్నా ఎలా అయింది?"

సింధు దగ్గర జవాబు లేదు. పెన్ను తీసి లెక్క వేసింది. బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరారు, g విలువ 10 అనుకుంటే ఒక సెకను తర్వాత వేగం 10, రెండో సెకనుకి 0, మూడో సెకనుకి కిందివైపు 10. సెకను సెకనుకీ మార్పు ఒకటే, 10. త్వరణం అంటే ఈ మార్పే. పైన క్షణం పాటు ఆగేది వేగమే, వేగం మారడం ఆగదు. త్వరణం నిజంగానే సున్నా అయితే చింటూ అన్నట్టు బంతి గాల్లోనే వేలాడాలి. మార్జిన్‌లో రాసుకున్నది కొట్టేసింది.

వాడు ఊరుకోలేదు. "సిక్స్ కొట్టినప్పుడూ బంతి పైన ఆగుతుందా?"

"ఆగుతుంది," అంది సింధు తడుముకోకుండా.

"ఆగితే పిచ్ మీదో సగం దారిలోనో నిలువునా పడాలి కదా, బౌండరీ దాటి ఎలా వెళ్లింది?"

అసలు గండి ఇక్కడ బయటపడింది. "గరిష్ఠ ఎత్తు దగ్గర v = 0" అనే వాక్యాన్ని నిలువుగా విసిరిన బంతికి నేర్చుకుని, వాలుగా విసిరిన ప్రక్షేపకానికీ అంటించేసింది. టెక్స్ట్‌బుక్ తీస్తే తేలింది: సున్నా అయ్యేది వేగంలోని నిలువు అంశం మాత్రమే. గాలి నిరోధాన్ని పక్కనపెడితే అడ్డంగా వెళ్లే అంశం, అంటే u cosθ, మొదటి నుంచి చివరిదాకా అలాగే ఉంటుంది. సెకనుకు 20 మీటర్ల వేగంతో 60 డిగ్రీల కోణంలో కొడితే cos 60° = 1/2 కాబట్టి, పైన కూడా బంతి సెకనుకు 10 మీటర్ల వేగంతో ముందుకు పోతూనే ఉంటుంది. ఇలాంటి ప్రశ్నకి ఆప్షన్లలో 0 కూడా ఇస్తారు. జేఈఈ మెయిన్‌లో దాన్ని పెడితే రావాల్సిన 4 పోవడమే కాదు, ఇంకో మార్కు కోత కూడా.

నోట్స్ అప్పజెప్పినప్పుడు ఈ రెండు తప్పులూ బయటపడవు. వాక్యం గుర్తుంటే చాలు, నోరు సాఫీగా కదిలిపోతుంది. "ఎందుకు", "ఎప్పుడు" అని అడిగేవాళ్లు ఉండాలి. చిన్నపిల్లలకి ఫార్ములాల మీద భక్తి ఉండదు కాబట్టి ఆ పని వాళ్లు బాగా చేస్తారు.

ఈసారి మీరు పక్కన కూరలు తరుగుతూనే వినండి. ఫిజిక్స్ రాకపోయినా పర్వాలేదు. "అదంతే", "ఫార్ములా అలా ఉంటుంది", "నీకు తెలీదులే" అన్న చోటల్లా గండి ఉండే అవకాశం ఎక్కువ. త్వరణం అంటే ఏమిటని అడిగితే ఇంకో బరువైన మాట చెప్పి దాటేసినా అంతే. ఆ చోట నోట్స్‌లో పెన్సిల్‌తో గీత పెట్టుకోమనండి. తర్వాత పాఠమంతా మళ్లీ చదవక్కర్లేదు, గీత పెట్టిన చోటు మట్టుకు టెక్స్ట్‌బుక్‌లో చూసుకుని, మర్నాడు నోట్స్ మూసి ఆ ముక్కే మళ్లీ చెప్పాలి.

ఒక్క ఇబ్బంది ఉంది. అక్క తప్పుని ధీమాగా చెబితే తమ్ముడు నమ్మేస్తాడు. సిక్స్ సంగతి వాడికి తట్టింది క్రికెట్ చూస్తాడు కాబట్టి. అందుకే చెప్పడం అయ్యాక అదే పాఠంలో ఇంతకుముందు చేయని లెక్కలు రెండు మూడు సొంతంగా చేసి, కీతో సరిచూసుకోవాలి. ఇంటిగ్రేషన్, పెద్ద డెరివేషన్ల లాంటివి వాడికి చెప్పి లాభం లేదు, వాటికి క్లాస్‌మేట్ కావాలి. చలనం, బలాలు, ఉష్ణం లాంటి కంటికి కనిపించే పాఠాలకి మాత్రం మీ చిన్నోడు సరిపోతాడు. పావుగంట దాటితే వాడు విసుక్కుంటాడు, వాడి హోంవర్క్ కూడా ఉంటుంది. వాడు లేవగానే ఆపేయమనండి.