‘స’ పదును తగ్గించేటప్పుడు మాట మొద్దుబారకుండా

“నా కథల రికార్డింగులో ‘స’ చెవిలో గుచ్చుకుంటోంది. డీ-ఎస్సర్ పెడితే నాలుక మందమైనట్టు వినిపిస్తోంది. ఏం చేయాలి?”

డీ-ఎస్సర్ సకారాన్ని అవసరానికి మించి అణచివేయడమే దీనికి కారణం. ‘సరస్సు’ లాంటి మాటను లూప్‌లో పెట్టి, లిజన్ బటన్ నొక్కి, ఫ్రీక్వెన్సీని 5 నుండి 9 కిలోహెర్ట్జ్ మధ్య నెమ్మదిగా జరుపుతూ, గుచ్చుకునే శబ్దం అన్నిటికన్నా గట్టిగా వినిపించే చోట ఆపండి. ‘శ’ సాధారణంగా ఇంకా కిందుగా ఉంటుంది కనుక దాని కోసం ఈ పరిధిని వెడల్పు చేయకండి.

తరువాత స్ప్లిట్ బ్యాండ్ ఎంచుకుని, సకారం వచ్చినప్పుడు మాత్రమే మీటరు కదిలి, అచ్చుల మీద నిశ్చలంగా ఉండేంత వరకే థ్రెషోల్డ్‌ను దించండి. తగ్గింపు 3 నుండి 5 డెసిబెల్స్ చాలు. అదే ‘సరస్సు’ ‘థరథ్థు’ వైపు జారుతున్నట్టు వినిపించిన క్షణంలో హద్దు దాటినట్టే. అక్కడి నుండి వెనక్కు రండి.

అప్పటికీ ఒకటి రెండు సకారాలు మొండిగా మిగిలితే, డీ-ఎస్సర్‌ను ఇంకా బిగించకుండా, వేవ్‌ఫారంలో ఆ ఒక్క ముక్కను కత్తిరించి, దాని గెయిన్‌ను 3 డెసిబెల్స్ దించండి. కొంచెం ఓపిక కావాలి గానీ, నేను ఎక్కువగా నమ్మేది ఈ పద్ధతినే. కంప్రెసర్ సకారాన్ని పైకి లేపుతుంది కనుక, ఈ సవరణలన్నిటినీ కంప్రెసర్ ఆన్‌లో ఉంచే వినండి.