పరగడుపు షుగరు రిపోర్టు: మేనల్లుడికి ఒక లేఖ

పెరంబూరు, చెన్నై.

చిరంజీవి రవికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు బెంగళూరు నుంచి పంపిన రెండు రిపోర్టులనూ రాత్రి కూర్చుని నిదానంగా చూశాను. మొదటిదానిలో పరగడుపు షుగరు 127, పది రోజుల తరువాత చేయించుకున్న రెండవదానిలో 114. ఈ రెండింటిలో ఏది నిజం, నాకు షుగరు వ్యాధి వచ్చినట్టా రానట్టా అని అడిగావు. ముప్పై ఏళ్లు బయోకెమిస్ట్రీ ల్యాబులో ఇలాంటి కాగితాల మీద సంతకం పెట్టినవాణ్ణి కనుక, ఆ కాగితాన్ని నేనెలా చదువుతానో నీకు వరుసగా చెబుతాను. మందుల సంగతి నీ డాక్టరుగారే చెప్పాలి. రిపోర్టు చదవడం మాత్రం నువ్వే నేర్చుకోవాలి, ఎందుకంటే ఆ రోజు ఉదయం ఏం జరిగిందో నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

అందరి కళ్లూ ముందు అంకె మీదికీ, హద్దుకు మించి ఉందని దాని పక్కన ముద్దగా అచ్చయిన 'హెచ్' అనే అక్షరం మీదికీ పోతాయి. నేను ముందు చూసేది రక్తం ఏ సమయానికి తీశారన్నది. నీ మొదటి రిపోర్టులో 7 గంటల 50 నిమిషాలని ఉంది. ముందు రోజు రాత్రి పదిన్నరకు భోంచేశావు కనుక తొమ్మిది గంటలు దాటాయి, ఆ లెక్క సరిపోయింది. కనీసం ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప మరేదీ లోపలికి పోకూడదన్నది నియమం. కానీ నేను గుచ్చి గుచ్చి అడిగితే, ఆరున్నరకు ఫిల్టరు కాఫీ తాగానని ఒప్పుకున్నావు. టిఫిను తినలేదు కదా అని నువ్వు దాన్ని లెక్కలో వేసుకోలేదు. పాలలోనే ఒక రకం చక్కెర ఉంది, దాని మీద నువ్వు వేసుకున్న రెండు చెంచాల పంచదార ఉంది, ఆ రెండూ ఎనభై నిమిషాల్లో నీ రక్తంలోకి చేరి ఉంటాయి. కాబట్టి ఆ 127 అంకెగా తప్పు కాకపోవచ్చు గాని, పరగడుపు అంకె అని దాన్ని పిలవడానికి వీల్లేదు. మన దక్షిణాదిలో పరగడుపు పరీక్ష చెడేది ఎక్కువగా ఈ కాఫీ దగ్గరే. కాఫీ తాగి వచ్చి 'ఏమీ తినలేదండీ' అని నిండు మనసుతో చెప్పినవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లు అబద్ధమాడలేదు, మనం ప్రశ్న సరిగ్గా అడగలేదు.

పరగడుపునే ఎందుకు చూస్తారో తెలిస్తే ఈ పట్టింపు ఎందుకో అర్థమవుతుంది. రాత్రంతా నువ్వేమీ తినకపోయినా మెదడుకు గ్లూకోజు కావాలి కనుక, కాలేయం తన నిల్వలోంచి కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతూ ఉంటుంది. అది అవసరానికి మించి వదలకుండా ఇన్సులిన్ పట్టి ఉంచుతుంది. ఆ పట్టు సడలితే, తిండి ఏమీ లేకుండానే తెల్లవారేసరికి రక్తంలో గ్లూకోజు పెరిగి కనిపిస్తుంది. పరగడుపు పరీక్ష కొలిచేది ఆ పట్టునే. మధ్యలో కాఫీ వచ్చి చేరితే, పెరిగినది కాలేయం వదిలినదో పంచదార తెచ్చినదో విడదీసి చెప్పలేము.

ఇప్పుడు అంకెల సంగతి. మన రిపోర్టుల్లో ఇవి ఒక డెసిలీటరు ప్లాస్మాలో ఇన్ని మిల్లీగ్రాములని ఉంటాయి. 100కు లోపుంటే సాధారణం. 100 నుంచి 125 వరకు ప్రీడయాబెటిస్, అంటే డయాబెటిస్‌కు ముందు మెట్టు. 126 గాని అంతకు మించి గాని వస్తే డయాబెటిస్ హద్దు దాటినట్టు. విదేశాల్లో ఉన్న మీ అక్క రిపోర్టులో 6.3 వంటి అంకె కనిపిస్తే కంగారు పడవద్దు, దాన్ని 18తో హెచ్చవేస్తే మన లెక్క వస్తుంది.

ఈ గీతలు ఆకాశం నుంచి ఊడిపడినవి కావు. 1997కు ముందు డయాబెటిస్ గీత 140 దగ్గర ఉండేది. కంటి వెనుక పొరలో షుగరు వల్ల వచ్చే దెబ్బ 140 కంటే తక్కువ దగ్గరే ఎక్కువవుతున్నట్టు గమనించి, ఆ ఏడు అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ దాన్ని 126కు దించింది. సాధారణానికి పై హద్దు అప్పుడు 110. 2003లో అదే సంఘం దాన్ని 100కు దించింది, కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 110నే ఉంచుకుంది. మన ఊళ్లలో ఒక ల్యాబు 70 నుంచి 99 అనీ, మరొకటి 70 నుంచి 110 అనీ అచ్చువేయడానికి కారణం ఇదే. నీకు 108 వచ్చిందనుకో, ఒక కాగితంలో దాని పక్కన 'హెచ్' ఉంటుంది, మరొక కాగితంలో ఏ గుర్తూ ఉండదు. గుర్తు లేదు కదా అని సంతోషించి ఫైలు మూసేసినవాళ్లు ఉన్నారు. అందుకే పక్కన అచ్చయిన రేంజిని నమ్ముకోక, అంకెను చూసి ఈ మూడు మెట్లలో ఎక్కడ నిలబడుతుందో నువ్వే చూసుకో.

ఇక అంకె ఉన్నదానికంటే తక్కువగా వచ్చే దారి ఒకటుంది. దీన్ని గురించి ఎవరూ చెప్పరు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. రక్తాన్ని ట్యూబులోకి తీసిన తరువాత కూడా అందులోని కణాలు బతికే ఉండి గ్లూకోజును తింటూనే ఉంటాయి. కణాలను వేరుచేయకుండా మామూలు గది వేడిలో వదిలేస్తే గంటకు నూటికి అయిదు నుంచి ఏడు వంతుల దాకా గ్లూకోజు తగ్గిపోతుంది. దాన్ని ఆపడానికే ఫ్లోరైడు కలిపిన బూడిద రంగు మూత ట్యూబు వాడతారు, అయితే ఆ ఫ్లోరైడు పూర్తిగా పనిచేయడానికి కూడా గంటా రెండు గంటలు పడుతుంది. నేను పనిచేసిన ఒకచోట, ఎండాకాలంలో, బయటి కలెక్షను కేంద్రం నుంచి ఫ్లోరైడు లేని ఎర్ర మూత ట్యూబులు మూడు గంటలు ఆలస్యంగా వచ్చేవి. ఒకావిడకు 97 వచ్చింది, నేనే సంతకం పెట్టాను. ఆమె మరునాడు ల్యాబుకే వచ్చి ఇస్తే, అప్పటికప్పుడు సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి కణాలను వేరుచేసి చూసినప్పుడు 116 వచ్చింది. మొదటి కాగితం ప్రకారం ఆమె సాధారణం, రెండవదాని ప్రకారం ప్రీడయాబెటిస్. ఆ రోజు నుంచి, రక్తం తీసిన సమయానికీ అది ల్యాబుకు చేరిన సమయానికీ మధ్య ఎంత ఎడముందో చూడకుండా నేను సంతకం పెట్టలేదు. నీ రిపోర్టులో ఆ రెండు సమయాలూ పై మూలన చిన్న అక్షరాలతో ఉంటాయి. ఇంటికి వచ్చి రక్తం తీసుకువెళ్లే పద్ధతిలో బెంగళూరు ట్రాఫిక్కులో ఆ ఎడం ఎంతవుతుందో నీకే బాగా తెలుసు. వీలైతే ల్యాబుకే వెళ్లి ఇవ్వు, గ్లూకోజుకు ఏ రంగు మూత ట్యూబులో తీస్తున్నారో చూడు.

నీ రెండవ రిపోర్టులో ఈ దోషాలేవీ లేవు. రాత్రి తొమ్మిదికి భోజనం, ఉదయం ఏడుంబావుకు రక్తం, కాఫీ లేదు, అరగంటలో ల్యాబుకు చేరింది. అందులో 114, దానితోపాటు మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ 6.1. ఈ హెచ్‌బీఏ1సీకి 5.7 లోపు సాధారణం, 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 నుంచి డయాబెటిస్. రక్తహీనత ఉన్నవాళ్లలో, ముఖ్యంగా ఇనుము తక్కువైనప్పుడు, అది ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. నీ హిమోగ్లోబిన్ 14.2 కనుక ఆ అనుమానం పెట్టుకోనక్కరలేదు. రెండు పరీక్షలూ ఒకే మెట్టును చూపుతున్నాయి. నీకు షుగరు వ్యాధి లేదు, ప్రీడయాబెటిస్ ఉంది.

ఒకవేళ కాఫీ లేకుండా కూడా 127 వచ్చి ఉంటే ఏమిటని నువ్వు అడుగుతావు. అప్పుడు కూడా ఆ ఒక్క అంకెతో ముద్ర వేయరు. ఒకే మనిషికి ఏ మార్పూ లేకుండానే పరగడుపు షుగరు రోజుకు రోజుకూ నూటికి అయిదారు వంతులు అటూ ఇటూ అవుతుంది. ఈరోజు 127 వచ్చినవాడికి రేపు 121 రావచ్చు. అందుకని, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం వంటి లక్షణాలు లేనప్పుడు, హద్దు దాటిన ఫలితం రెండుసార్లు రావాలి, లేదా ఒకే రక్తంలో పరగడుపు అంకె, హెచ్‌బీఏ1సీ రెండూ హద్దు దాటాలి. ఆ లక్షణాలుంటే మాత్రం రెండవ పరీక్ష కోసం పది రోజులు కూర్చోకూడదు, ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. జ్వరం వచ్చిన వారంలో గాని, స్టెరాయిడు మందులు వాడుతున్నప్పుడు గాని వచ్చిన అంకెను కూడా ఇలాగే పక్కన పెట్టి మళ్లీ చూడాలి. ఇంట్లో నాన్నగారి గ్లూకోమీటరుతో వేలు గుచ్చి చూసుకుని నిర్ణయానికి రావద్దు. దానికి నూటికి పదిహేను వంతుల దాకా తేడా రావచ్చు. ఆయన మందు సరిపోతున్నదా అని చూసుకోవడానికి అది చాలు, నీ గీత ఏదో తేల్చడానికి చాలదు.

ఇక ఈ 114 నీ నుంచి కోరేది ఒక పరీక్ష. పరగడుపు అంకె కాలేయం మీద పట్టునే చూపుతుందని చెప్పాను కదా, తిన్న తరువాత శరీరం ఎలా తట్టుకుంటుందో అది చెప్పదు. మనవాళ్లలో పరగడుపున పరవాలేదనిపించి, తిన్నాక బాగా పెరిగేవాళ్లు చాలామంది ఉన్నారు. నాన్నగారికి షుగరు ఉంది కనుక నువ్వు 75 గ్రాముల గ్లూకోజు తాగి రెండు గంటల తరువాత ఇచ్చే పరీక్ష చేయించుకో. అందులో 140 లోపు సాధారణం, 140 నుంచి 199 దాకా ప్రీడయాబెటిస్, 200 నుంచి డయాబెటిస్. దానికి ముందు మూడు రోజులు అన్నం మానేయవద్దు. మంచి అంకె వస్తుందని చాలామంది అలా చేస్తారు, కానీ ఈ పరీక్షలో అది ఎదురు తిరిగి అంకెను పెంచుతుంది. ఆ రెండు గంటలూ నడవకుండా కూర్చుని ఉండాలి.

ఆ రెండు గంటల అంకె పెరిగినవాళ్ల మీదే మన చెన్నైలో డాక్టరు ఎ. రామచంద్రన్ గారి బృందం చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. మామూలు సలహా మాత్రమే విన్నవాళ్లలో మూడేళ్లలో నూటికి 55 మందికి డయాబెటిస్ వచ్చింది. రోజూ నడక, తిండి మార్పు నియమంగా పాటించినవాళ్లలో అది నూటికి 39 మంది. నీ 114 ఎటు పోతుందన్నది ఇంకా తేలలేదు గనుక, ఏడాదికోసారి, ఇదే నియమంతో, వీలైతే ఇదే ల్యాబులో చూసుకుంటూ ఉండు.

ఆ పరీక్ష అయిన రోజున అంకె ఉన్న ముక్క మాత్రమే ఫొటో తీయకుండా పేజీ మొత్తం పంపు, పై మూలన ఉన్న సమయాలు కనిపించేలా. రాత్రి ఎన్నింటికి తిన్నావో కూడా రాయి.

మీ అత్తయ్య ఆశీస్సులు పంపుతోంది.

ఇట్లు,
మామయ్య