ఉదయం వీడియోకి పద్యం రాసే తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన ఏడు రోజుల శుభోదయం ప్యాక్ చూశాను. పద్యాలు బాగున్నాయి, బొమ్మలూ బాగున్నాయి. కానీ రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోవడం లేదు. నిదానం గురించి చెప్పే పద్యం వెనక జలపాతం దూకుతోంది. చదివేవాడి కన్ను నీళ్ల వెంట పరిగెడుతుంటే అక్షరాల మీద ఎలా నిలుస్తుంది? ముందు అందమైన క్లిప్పు ఎంచుకుని, తర్వాత దాని మీద పద్యం అంటించినట్టున్నావు. దాన్ని తిరగెయ్యాలి. పద్యం ముందు, దృశ్యం తర్వాత. ఏడు రోజుల గురించీ రాస్తే ఉత్తరం గ్రంథమవుతుంది కాబట్టి ఒక్క రోజు వీడియోని మొదటినుంచి చివరిదాకా కట్టి చూపిస్తాను. నిడివి 30 సెకన్లు, నిలువు తెర, 1080 వెడల్పు, 1920 ఎత్తు.

పద్యానికి ఆటవెలది తీసుకో. నాలుగే పాదాలు, ప్రాస నియమం లేదు, పాదం ఫోను వెడల్పులో ఒక్క వరుసలో ఇముడుతుంది. అదే ఉత్పలమాల అయితే పాదానికి 20 అక్షరాలు. విరగ్గొట్టకుండా పెట్టాలంటే అక్షరాలు చీమలంత అవుతాయి. ఆటవెలది లెక్క నీకు తెలిసిందే: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదట యతి.

మన వీడియోకి ఇది అనుకుందాం:

మెల్లమెల్లగాను మింట వెలుగు పాకు
తొందరేల నీకు దూరమైన
నిన్నకన్న నేడు నీ యడుగొకటైన
ముందు పడిన చాలు పొద్దు నీదె

ఇది ఒక్క ఊపులో వచ్చేసే పద్యంలా కనిపిస్తుంది గానీ, ఇలాంటి చోట జారిపోయే రాళ్లు రెండున్నాయి. రెండో పాదానికి మొదట తోచేది ‘ఒక్కసారి రాదు ఉదయ మెపుడు’. వేళ్ల మీద లెక్కపెడితే అయిదు సూర్యగణాలూ సరిపోతాయి, ఒకి ఉకి యతి కూడా కుదురుతుంది. కానీ ‘రాదు’ పక్కన ‘ఉదయము’ వస్తే పద్యంలో సంధి తప్పదు, ‘రాదుదయము’ అవుతుంది. ఒక లఘువు ఎగిరిపోయి చివరి గణం కుంటుతుంది. పైగా నాలుగో గణం ‘ద’తో మొదలై యతి కూడా పోతుంది. ఉదయం పూట పద్యం చదివేవాళ్లలో ఛందస్సు తెలిసిన పెద్దలు తక్కువేం కాదు, ఇలాంటిది ఇట్టే పట్టేస్తారు. అచ్చుతో మొదలయ్యే మాటని నాలుగో గణం దగ్గర పెట్టేముందు దాని ముందున్న మాట ఏ అచ్చుతో ముగిసిందో చూసుకో.

రెండోది చివరి పాదం. ‘ముందు పడిన చాలు ముదము గలుగు’ అన్నా గణాలు, యతి నిక్షేపంగా ఉంటాయి. కానీ ముదము అన్న మాట నిద్రలేచిన మనిషి నోట రాదు. యతి కోసం తెచ్చిన మాట యతి కోసమే వచ్చినట్టు కనిపిస్తుంది. ‘పొద్దు నీదె’ అంటే ము, పొ రెండూ ఉ, ఒ అచ్చులతో పెదవుల మీద పలికే అక్షరాలే కనుక యతి చెల్లుతుంది, అర్థమూ ఉదయానికి దగ్గరగా వచ్చింది. పాత శతక పద్యం వాడుకునే రోజున మాత్రం జ్ఞాపకం మీద టైపు చెయ్యకు. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని పాదం పాదం సరిచూసుకో.

ఇక పద్యం తర్వాత తెర మీద వచ్చే చిన్న మాట సంగతి. నీ ప్యాక్‌లో ప్రతి రోజూ పద్యం కింద దాని తాత్పర్యం ఉంది. ఈ పద్యానికి తాత్పర్యం అక్కర్లేదు, చదవగానే తెలుస్తుంది. ‘ఓపికతో చేసే ప్రయత్నం విజయాన్ని ఇస్తుంది’ అని నువ్వు రాస్తే, పద్యం చక్కగా చెప్పినదాన్ని వచనంలో చప్పగా మళ్లీ చెప్పినట్టవుతుంది. పద్యం ఆగిన చోటునుంచి మాట ఇంకో అడుగు వెయ్యాలి, ఆ రోజు చెయ్యగలిగిన పని ఒకటి చూపించాలి. ఉదాహరణకి: ‘ఆగిపోయిన పనిని ఈ రోజు పది నిమిషాలు ముందుకు జరపండి. పూర్తి కానక్కర్లేదు.’ పది మాటలు. పదిహేను దాటిందంటే రెండు ఆలోచనలు కలిసిపోయాయని గుర్తు. ఒకటి తీసి రేపటికి దాచుకో. వారమంతా ‘చెయ్యండి, జరపండి’ అంటే సాధింపులా ఉంటుంది కాబట్టి ఏడింటిలో మూడు నాలుగైనా ఆజ్ఞ లేని వాక్యాలు ఉండనీ.

దృశ్యం దగ్గర కాస్త నిలబడదాం, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పద్యంలో మిన్ను ఉంది కదా అని ఆకాశం పెట్టకు. పద్యంలోని వస్తువుని కాదు, కదలికని చూపించాలి. ఇక్కడ కదలిక ‘మెల్లగా పాకడం’. తెల్లవారే ఆకాశం ముప్పై సెకన్లలో కంటికి కనిపించేంత మారదు. పది నిమిషాలు తీసి 20 రెట్లు వేగం పెంచితే మారుతుంది, కానీ అప్పుడు చెరువు నీళ్లు వణుకుతాయి, పక్షులు ఈగల్లా దూసుకుపోతాయి, ఆకులు గడగడలాడతాయి. ప్రశాంతత పోతుంది. అందుకే గాలికి కదలని వస్తువు కావాలి. గరుకు రాయి, దాని మీద పాకే ఎండ అంచు. ఇంకో లాభం కూడా ఉంది. ఫోనులో పంపుకున్నప్పుడు వీడియో నలిగి చిన్నదవుతుంది. నున్నటి ఆకాశపు రంగులు అప్పుడు చారలు చారలుగా విడిపోతాయి, గరుకు రాతి మీద ఆ నలుగుడు అంతగా తెలియదు.

నీడ వేసే గోడో స్తంభమో రాయికి ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి. సూర్యుడు పది నిమిషాల్లో ఆకాశంలో రెండున్నర డిగ్రీలు జరుగుతాడు. గోడ ఒక మీటరు దూరంలో ఉంటే నీడ అంచు సుమారు నాలుగు సెంటీమీటర్లు కదులుతుంది, అది తెర మీద కదిలినట్టే ఉండదు. అయిదు మీటర్ల దూరంలో ఉంటే ఇరవై సెంటీమీటర్లకు పైగా కదులుతుంది, అంచు కూడా మెత్తగా ఉంటుంది. మనకి కావలసింది అదే.

ఫోనుని స్టాండుకి బిగించి, తెర మీద వేలు కాసేపు నొక్కిపట్టు. చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ అవుతాయి. ఇది మర్చిపోతే పెద్ద దెబ్బ తగులుతుంది. రాయి వెలిగేకొద్దీ కెమెరా తనంతట తాను కాంతి తగ్గించేస్తుంది, పది నిమిషాలు కష్టపడి తీసినా తెల్లవారినట్టే ఉండదు. మధ్యలో వెలుగు ఎగిరెగిరి పడినట్టు కనిపిస్తే లాక్ జారిందో, సూర్యుడికి మబ్బు అడ్డొచ్చిందో. మబ్బయితే ఆ రోజుకి ఆ షాట్ వదిలెయ్, ఎడిటింగ్‌లో సరిచెయ్యబోతే ఇంకా పాడవుతుంది.

ఇప్పుడు ఒక చిక్కు. ఉదయం చీకటి గదిలో ఫోను తెరిచేవాళ్ల కళ్లకి తెల్లటి తెర గుచ్చుకుంటుంది కాబట్టి ముదురు రాతి మీద మీగడ రంగు అక్షరాలు పెడతావు. మంచిదే. కానీ ఎండ పాకుతూ అక్షరాల కిందకి వచ్చేసరికి అవి వెలుగులో కలిసిపోతాయి, సరిగ్గా చిన్న మాట వచ్చే వేళకి. దీన్ని అక్షరాల వెనక నల్ల పెట్టె పెట్టి కప్పిపుచ్చుతారు చాలామంది. పెట్టె పెడితే దృశ్యం ఎందుకు మరి? షాట్ తీసేటప్పుడే ఎండ కింద కుడి మూలనుంచి వచ్చి సగం తెర దగ్గర ఆగేలా ఫ్రేము పెట్టుకో. పై సగం చివరిదాకా నీడలోనే ఉంటుంది, అక్షరాలు అక్కడ. అయితే మరీ పైకి పోకూడదు. స్టేటస్‌గా పెడితే పైన పేరు, కింద జవాబు రాసే గడి వస్తాయి. పైన సుమారు 250, కింద 350 పిక్సెళ్లు ఖాళీగా వదులు.

పద్యం అక్షరాల సైజు 70 దగ్గర మొదలుపెట్టు. పదమూడు అక్షరాల మొదటి పాదం అటూ ఇటూ అంచు వదిలి ఇముడుతుంది. వరుసల మధ్య ఎడం అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. యాప్ తనంతట ఇచ్చే ఎడం తెలుగుకి చాలదు: ‘మెల్లమెల్ల’ కింది లావత్తులు రెండో పాదంలోని ‘తొందరేల’ నెత్తిన కూర్చుంటాయి. పాదాలని నువ్వే విరువు. యాప్‌కి వదిలేస్తే ‘పాకు’ ఒక్కటీ కింద వరుసలోకి దొర్లి పద్యం అయిదు పాదాలవుతుంది. కొన్ని యాప్‌లు వత్తుని విడగొట్టి పొల్లు చూపిస్తాయి. అలాంటప్పుడు ఫాంటు మార్చి చూడు, లొంగకపోతే పద్యాన్ని వేరే చోట పారదర్శక చిత్రంగా చేసి పైన అతికించు.

కాలం పంపకం ఇలా. సున్నా నుంచి మూడో సెకను వరకు శుభోదయం. నలుపులోంచి తేలేలా మొదలుపెట్టకు, మొదటి ఫ్రేమే చాలాచోట్ల ముఖచిత్రంగా కనిపిస్తుంది, నల్ల చతురస్రాన్ని ఎవరూ తెరవరు. మూడో సెకనులో మొదటి పాదం, ఏడో సెకనులో రెండోది. పదో సెకనులో మూడోది, దాని వెనకే పన్నెండులో నాలుగోది. ఈ రెండింటి మధ్య ఎడం తక్కువ ఎందుకంటే ‘నీ యడుగొకటైన’ దగ్గర వాక్యం పూర్తి కాలేదు, అక్కడ ఎక్కువసేపు ఆపితే చదివేవాడు గాల్లో వేలాడతాడు. మొదటి రెండు పాదాలూ విడివిడి వాక్యాలు, వాటికి ఆ తొందర లేదు. వచ్చిన పాదం పోకూడదు, నాలుగూ కలిసి ఇరవయ్యో సెకను దాకా నిలవాలి. ఒక సెకను ఉత్త రాయి. ఇరవై ఒకటి నుంచి ఇరవై ఎనిమిది దాకా చిన్న మాట. చివరి రెండు సెకన్లు అక్షరాలేమీ లేకుండా ఎండ.

పూర్తయ్యాక ధ్వని తీసేసి, తెర వెలుగు బాగా తగ్గించి, ఫోను చేయి చాచినంత దూరంలో పట్టుకుని పైకి చదువు. నీ నోరు పాదం ముగించకముందే తర్వాతి పాదం వస్తుంటే అర సెకను జరుపు. ఆ తర్వాత నీ ఫోనునుంచి ఇంకో ఫోనుకి పంపి, అక్కడ చూడు. ఎడిటింగ్ యాప్‌లో కనిపించేది నీ పాఠకుడికి చేరే వీడియో కాదు.

వీడియోలో వారం పేరు, తేదీ వెయ్యకు. సోమవారం నువ్వు పంపింది ఎవరో గురువారం ఇంకెవరికో పంపుతారు. వారం పేరు కావాలంటే వీడియోతో పాటు వెళ్లే మాటల్లో రాయి. పద్యం, చిన్న మాట కూడా అక్కడ అక్షరాలుగా ఉంటే వీడియో తెరవని వాళ్లకీ అందుతాయి.

జలపాతం క్లిప్పు పారెయ్యకు. ఉరకలెత్తే పద్యం రాసిన రోజున పనికొస్తుంది. ముందు ఈ రాతి వీడియో ఒక్కటీ కట్టి పంపు, మిగతా ఆరూ తర్వాత చూద్దాం.

ఉంటాను,
మీ అన్నయ్య