మేనకోడలికి చెవులు కుట్టే రోజున నైట్ డ్యూటీ: మేనేజర్‌కు ఎలా రాయాలి?

ప్రశ్న: నేను తిరుపతిలో ఒక హోటల్ రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. 15వ తేదీ ఆదివారం ఉదయం ఏడున్నరకు కాణిపాకంలో మా అక్క కూతురికి చెవులు కుట్టిస్తున్నారు. మేనమామను నేనొక్కడినే. ఆ వారం నాకు నైట్ డ్యూటీ (10 నుంచి 6), గురువారం ఆఫ్. శనివారం మధ్యాహ్నం డ్యూటీలో ఉండే స్నేహితుడు ఆ రాత్రికి కూడా తానే ఉంటానంటున్నాడు. మధ్యాహ్నం డ్యూటీలోనే శనివారం ఆఫ్ ఉన్న ఇంకొకాయన ఉన్నారు గానీ ఆయనతో నాకు అంత చనువు లేదు. పెద్దపాప చెవులు కుట్టినప్పుడు మేనేజర్ గారిని నోటిమాటగా అడిగితే కుదరదన్నారు. అక్క ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. ఈసారి ఎలా అడగాలి?

జవాబు: మీ స్నేహితుడిది మంచి మనసే, కానీ ఆయన పేరు రాసి పంపితే ఈసారి కూడా మీకు అదే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. మధ్యాహ్నం 2 గంటలకు డ్యూటీ ఎక్కిన మనిషి మరునాడు ఉదయం 6 వరకు ఉంటే వరుసగా 16 గంటలవుతుంది. తిరుపతిలో శనివారం రాత్రి రిసెప్షన్ అంటే ఖాళీగా కూర్చునే పని కాదని నాకన్నా మీకే బాగా తెలుసు. అర్ధరాత్రి బస్సులు దిగి గది కోసం వచ్చేవారు, తెల్లవారుజామున కొండకు వెళ్లాలని రెండు మూడు గంటలకే గది ఖాళీ చేసేవారు ఉంటారు. వీటి మధ్యలోనే నైట్ ఆడిట్ కూడా ముగించాలి. గదుల అద్దెలన్నీ బిల్లుల్లోకి ఎక్కించి, నగదు, కార్డు, యూపీఐ లెక్కలు సరిచూసి, సిస్టంలో తేదీ మార్చే ఆ పనిలో అలసిన మనిషి ఒక్క అంకె తప్పు వేసినా ఉదయం డ్యూటీవారికి లెక్క కలవదు, జవాబు చెప్పవలసింది మేనేజర్ గారే. కాబట్టి ఆయన కాదంటే అది మీ అక్కమీదో మీమీదో ఉన్న నిర్దయ కాదు.

మీకు చనువు లేదన్న ఆ రెండో సహోద్యోగే ఈ పనికి సరైన మనిషి. ఆయనను ఉపకారం అడుగుతున్నట్టుగా కాక, ఆఫ్‌కు ఆఫ్ మార్చుకుందామని అడగండి. గురువారం మీ ఆఫ్‌ను మీరు వదులుకొని, ఆ రోజు ఆయనకు పడిన మధ్యాహ్నం డ్యూటీ మీరు చేస్తారు. దానికి బదులుగా శనివారం రాత్రి మీ డ్యూటీ ఆయన చేస్తారు. ముందు మీరు చేసి తరువాత ఆయన చేత చేయించుకుంటారు కాబట్టి, చనువు లేని మనిషికి కూడా ఒప్పుకోవడం సులభమవుతుంది.

ఇది ఎక్కడైనా బెడిసికొడుతుందేమో ఒకసారి లెక్క చూద్దాం. బుధవారం రాత్రి డ్యూటీ ముగించుకొని మీరు గురువారం ఉదయం 6కు దిగుతారు. మధ్యాహ్నం 2 లోపు నిద్రపోవడానికి 8 గంటలుంటాయి. ఆ రాత్రి 10కి దిగిన తరువాత శుక్రవారం రాత్రి 10 వరకు మీకు డ్యూటీ లేదు. ఆయన గురువారం ఇంట్లో ఉండి, శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీ చేసి, శనివారం రాత్రి 10కి వచ్చేసరికి పూర్తిగా ఒక రోజు విశ్రాంతి దొరుకుతుంది. ఇద్దరికీ ఆ వారంలో ఒక ఆఫ్ మిగులుతుంది, ఎవరికీ వెంటవెంటనే రెండు డ్యూటీలు పడవు. కొంచెం ఇరుకైనది ఒక్కటే: ఆదివారం ఉదయం 6కు దిగిన ఆయన మళ్లీ మధ్యాహ్నం 2కు రావాలి. ఆ సంగతి ఆయనకు ముందే చెప్పండి, దాచవద్దు. ఇంకా ముఖ్యంగా, నైట్ ఆడిట్ ఆయన ఇదివరకు సొంతంగా చేశారో లేదో అడిగి తెలుసుకోండి. చేయకపోతే ఈ ఏర్పాటు కాగితంమీద ఎంత బాగున్నా నిలవదు, అప్పుడు ఆడిట్ తెలిసిన మరొకరిని వెతకాలి.

ఆయన ఒప్పుకున్న తరువాతే మేనేజర్ గారికి రాయాలి. "ఎవరినైనా చూసి వేయండి" అని రాస్తే మీ సమస్యను ఆయన నెత్తిన పెట్టినట్టవుతుంది. గ్రూపులో కాకుండా ఆయనకు విడిగా, ఆ వారం మొదలవకముందే పంపండి. గురువారం నుంచే మార్పు ఉంది కాబట్టి బుధవారం దాకా ఆగితే ఆలస్యమవుతుంది. రాసేటప్పుడు అన్నిటికన్నా జాగ్రత్త తేదీ విషయంలో ఉండాలి. "14 నైట్" అని మాత్రమే రాస్తే, 13 రాత్రి మొదలై 14 ఉదయం ముగిసేదా, 14 రాత్రి మొదలయ్యేదా అని ఇద్దరు రెండు విధాలుగా అనుకోవచ్చు. ఆ రాత్రి కౌంటరు దగ్గరికి ఎవరూ రాకపోవడమో, ఇద్దరూ రావడమో జరుగుతుంది. వారం, తేదీ, ఎక్కే సమయం, దిగే సమయం నాలుగూ రాయండి. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారం సార్. 15వ తేదీ ఆదివారం ఉదయం ఏడున్నరకు కాణిపాకంలో మా అక్క కూతురికి చెవులు కుట్టే కార్యక్రమం ఉంది. పాపను మేనమామగా నేను ఒడిలో కూర్చోబెట్టుకోవాలి. 14వ తేదీ శనివారం రాత్రి 10 నుంచి 15వ తేదీ ఆదివారం ఉదయం 6 వరకు నాకు డ్యూటీ ఉంది. ఆ డ్యూటీ చేయడానికి (సహోద్యోగి పేరు) గారు ఒప్పుకున్నారు. వారికి ఆ రోజు వీక్లీ ఆఫ్, నైట్ ఆడిట్ తెలుసు. దానికి బదులుగా 12వ తేదీ గురువారం నా ఆఫ్ వదులుకొని, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 వరకు వారి డ్యూటీ నేను చేస్తాను. ఎవరికీ వరుసగా రెండు డ్యూటీలు పడవు. ఆదివారం రాత్రి 10కి నా డ్యూటీకి యథాప్రకారం వస్తాను. మీరు అనుమతిస్తే రోస్టర్‌లో మార్పించవలసిందిగా కోరుతున్నాను."

ఇందులో అక్క కోపం గురించి, పోయినసారి కాదన్న సంగతి గురించి ఒక్క మాట లేదు, ఉండకూడదు కూడా. ఆ బాధ నిజమైనదే, కానీ దాన్ని చదివిన మేనేజర్ గారికి తనను తప్పుపడుతున్నారనిపిస్తుంది. అలాగే లేని జబ్బునో, బంధువుల మరణాన్నో కారణంగా రాయమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి చెవులు కుట్టిస్తారని మన చిత్తూరు వైపు తెలియనివారు లేరు, మీ అసలు కారణమే అన్నిటికన్నా బలమైనది.

మీ సహోద్యోగి కూడా "నాకు సమ్మతమే" అని మేనేజర్ గారికి ఒక్క వాక్యం విడిగా పంపితే మంచిది. "చూద్దాంలే" అనే జవాబును అనుమతి అనుకోవద్దు. రోస్టర్‌లో రెండు రోజుల పేర్లూ మారినట్టు మీ కళ్లతో చూసుకోండి. రోస్టర్ మారకుండా వేలిముద్ర హాజరులో మీరు కనబడకపోతే గైర్హాజరు పడి జీతం కోతకు రావచ్చు. ఒకవేళ మేనేజర్ గారు ఆ పేరు వద్దంటే, వాదించకుండా "ఎవరైతే మీకు ఇబ్బంది ఉండదు, సార్? నేనే వారితో మాట్లాడతాను" అని అడగండి. ఆ ఏర్పాటు బలహీనత ఎక్కడుందో ఆయన నోటితోనే తెలుస్తుంది, వెతకవలసిన మనిషీ దొరుకుతారు.

రోస్టర్ మారే వరకు అక్కకు "తప్పకుండా వస్తాను" అని చెప్పవద్దు. "ఈసారి రాసి అడిగాను, ఫలానా రోజు లోపల తెలుస్తుంది" అని చెప్పండి. మారిన వెంటనే ఫోన్ చేసి, శనివారం సాయంత్రానికే వస్తాననీ, ఆదివారం రాత్రి డ్యూటీ ఉంది కాబట్టి భోజనాలవగానే బయలుదేరతాననీ ఒకే మాటలో చెప్పేయండి. తిరుగు ప్రయాణం సుమారు 70 కిలోమీటర్లు ఉంటుంది, మీకు ఆ సాయంత్రం రెండు మూడు గంటల నిద్ర కూడా కావాలి.