హోటల్‌కి సప్లై లెటర్: ధర ఎలా రాయాలి?

"మాది చిన్న బేకరీ. ఒక హోటల్‌కి రోజూ 300 బన్నులు వేస్తామని లెటర్ రాస్తున్నాం. ఏడాదంతా ఒకటే ధర అని రాసేయవచ్చా?"

అలా రాయకండి. మైదా పెరిగితే ఆ భారమంతా మీదే అవుతుంది. 40 గ్రాముల మైదా పట్టే బన్ను అనుకోండి. మైదా కిలోకి 5 రూపాయలు పెరిగితే బన్నుకి 20 పైసలు. చిన్నదే అనిపిస్తుంది, కానీ రోజుకి 60, నెలకి 1,800 రూపాయలు మీ జేబులోంచి పోతాయి.

లెటర్‌లో ఇలా పెట్టండి: "ఈ ధరలు మూడు నెలల వరకు వర్తిస్తాయి. మైదా ధర నేటి రేటు కన్నా కిలోకి 3 రూపాయలకు మించి పెరిగినా, తగ్గినా, 15 రోజుల ముందు తెలిపి ఇద్దరం మాట్లాడుకుని సవరిస్తాం." ఆ "తగ్గినా" అన్న మాట తప్పకుండా ఉంచండి. హోటల్ మేనేజర్‌కి నమ్మకం కలిగేది అక్కడే. నేటి మైదా రేటు కూడా అంకెల్లో రాయండి, లేకపోతే తర్వాత వాదన వస్తుంది.

రోజుకి కనీస ఆర్డర్ ఎంత, మర్నాటి ఆర్డర్ సాయంత్రం ఎన్నింటిలోగా చెప్పాలి, బిల్లు ఎన్ని రోజుల్లో కట్టాలి అన్నవి ఒక్కో వాక్యంలో చాలు. పైన మీ 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ వేయండి.