పిక్క వెడల్పా, చుట్టుకొలతా?

సందేహం: టొరంటోలో మా దగ్గర ఉండటానికి వస్తున్న అత్తయ్యగారి కోసం మోకాళ్ళ దాకా ఉండే చలికాలపు బూట్లు కొన్నాను. “పిక్క వెడల్పు, మడమ వెడల్పు కొలిచి చెప్పండి” అని ఫోన్లో అడిగితే ఆవిడ స్కేలు పెట్టి 12, 6 సెంటీమీటర్లు అన్నారు. 12ని 3.14తో గుణించి, 38 అని రాసి ఉన్న జత తెప్పించాను. ఆవిడ వచ్చాక వేసి చూస్తే జిప్పు పైకి రాలేదు. నేను అడిగిన మాటలో తప్పుందా? ‘వైడ్ కాఫ్’ అన్నదాన్ని తెలుగులో ఏమనాలి?

సమాధానం: తప్పు మాటలోనే ఉందమ్మా. వెడల్పంటే ఈ అంచు నుంచి ఆ అంచుకి తిన్నగా ఉండే దూరం. అత్తయ్యగారు సరిగ్గా అదే కొలిచారు. బూటుకి కావలసింది చుట్టుకొలత. 3.14తో గుణించడం గుండ్రటి వాటికి పనికొచ్చే లెక్క. పిక్క గుండ్రంగా ఉండదు, ముందు ఎముక, వెనక కండ. ఎదుటి నుంచి 12 ఉన్న కాలు పక్క నుంచి 13.5 ఉందనుకోండి, చుట్టుకొలత 40కి చేరుతుంది. ఆ రెండు సెంటీమీటర్ల దగ్గరే జిప్పు ఆగిపోతుంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. వాడిన బూట్లు అమ్మేవాళ్ళు బూటుని బల్ల మీద పడుకోబెట్టి, గొట్టం భాగాన్ని అడ్డంగా కొలిచి, దాన్నీ వెడల్పనే రాస్తారు. అది చుట్టుకొలతలో సగం. 19 అని ఉంటే రెండుతో గుణించి 38 అనుకోవాలి, తోలు మందం పోను లోపల ఇంకాస్త తక్కువే. కాలి వెడల్పుకి ఒక లెక్క, బూటు వెడల్పుకి ఇంకో లెక్క. అందుకని వెడల్పన్న మాటే వదిలేసి, “టేపు చుట్టూ తిప్పి కొలవండి” అనండి. టైలరు టేపు ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది.

సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొలిస్తే మేలు. కుర్చీలో కూర్చుని, పాదం నేలకి పూర్తిగా ఆనించి, ఆ బూట్లలోకి వేసుకునే సాక్సు తొడుక్కుని, పిక్క మీద టేపుని కిందికీ పైకీ జరుపుతూ ఎక్కువ వచ్చిన చోట చూడాలి. టేపు బిగించకూడదు. రెండు కాళ్ళూ కొలిచి పెద్దదాన్ని తీసుకోవాలి. 40 వస్తే, లోపలి చుట్టుకొలత 41 దాకా ఉన్న బూటు హాయిగా ఉంటుంది. ప్యాంటు లోపలికి దోపుకుంటే ఇంకో సెంటీమీటరు కలుపుకోండి.

ఇక మడమ. మాట తప్పం, మడమ తిప్పం అంటామే, ఆ మడమ పాదం వెనక భాగం. మీరు అడగదలచింది చీలమండ, కొందరు గిలక అంటారు. మాటల్లో చాలామంది దాన్నీ మడమే అనేస్తారు కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టను. ఆ ఎముక గుబ్బలకి కాస్త పైన, కాలు అన్నిటికన్నా సన్నబడే చోట టేపు చుట్టాలి. బూటు అక్కడ మరీ వదులైతే ముడతలు పడి జారుతుంది. పిక్కల కోసం పెద్దది కొన్నవాళ్ళకి తరచుగా వచ్చే ఇబ్బంది ఇదే. జిప్పు లేకుండా లాగి తొడుక్కునే బూట్లయితే మాత్రం మడమ కొలత నిజంగానే కావాలి. మడమ అడుగు నుంచి పాదం పైవంపు మీదుగా ఏటవాలుగా చుట్టి చూడాలి, ఎందుకంటే గొట్టంలోంచి దూరాల్సిన అతి పెద్ద భాగం అదే.

‘వైడ్ కాఫ్’ని నేనైతే ‘పిక్కల దగ్గర వదులు’ అంటాను. ‘వెడల్పు పిక్క’ అంటే బూటు సంగతి పోయి మనిషి సంగతి అవుతుంది! అయితే ఆ లేబుల్‌కి అందరూ ఒప్పుకున్న కొలతంటూ లేదు. ఒక కంపెనీ 40కే ఆ పేరు పెడితే ఇంకొకటి 43 అయితేగాని పెట్టదు. పేరు పక్కన ‘షాఫ్ట్ సర్కమ్‌ఫరెన్స్’ అని ఉండే సంఖ్యే చూడండి. అది కూడా తరచుగా ఒకే నమూనా సైజుది. పాదం సైజు తగ్గితే గొట్టం చుట్టుకొలతా కొంచెం తగ్గుతుంది. అత్తయ్యగారి పాదం ఆ నమూనా కన్నా చిన్నదైతే, మీకొచ్చిన జత అసలు 38 కూడా ఉండకపోవచ్చు, టేపు లోపల పెట్టి చూడండి.

‘కాఫ్’ లేకుండా ఉత్త ‘వైడ్’ అని గానీ, సైజు అంకె పక్కన డబ్ల్యూ అని గానీ ఉంటే అది పాదం వెడల్పు. వెడల్పన్న మాట అక్కడ సరైనదే, కానీ దానికీ పిక్కలకీ సంబంధం లేదు.