ఆ రాఖీ పేజీ తీసేయండి

నమస్తే.

ఆడా మగా స్నేహం మీద మీరు రాసిన కథ రెండుసార్లు చదివాను. చిక్కడపల్లి గ్రంథాలయం బయట పద్మ, రాజు టిఫిన్ డబ్బా విప్పుకుని, గ్రూప్-2 పాత ప్రశ్నపత్రాలు ముందేసుకునే ఘట్టం బాగుంది. ఈ ఉత్తరం రాయించింది మాత్రం చివరి పేజీ. ఇంట్లో గొడవ ముదిరిన పూట మీరు పద్మ చేత రాజుకి రాఖీ కట్టించారు. వాడకట్టు నోరు మూసుకుంది, కథ అయిపోయింది. ఆ పేజీ నాకు కోపం తెప్పించింది. దాని ముందు పదకొండు పేజీలు నిజం చెప్పాయి కాబట్టే అంత కోపం.

మన ఇళ్లలో ఆడపిల్లకి ఈడైన మగవాడు ఏదో ఒక వరుసలో ఉండాలి. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని కొడుకులు అన్నదమ్ములు. మేనమామ, మేనత్త కొడుకులు బావలు, మరుదులు, అంటే పెళ్లి వరసైనవాళ్లు. మూడో గడి లేదు. స్నేహితుడు అనే మాట ఉంది కానీ దానికి ఇంట్లో పీట వేయలేదు. అందుకే రాజు పేరు వినగానే పద్మ వాళ్ల నానమ్మ మొదట అడిగేది "ఎవరి పిల్లగాడు, మనోళ్లేనా?" అని. మనోళ్లైతే సంబంధం అనుకుంటారు, కాకపోతే ప్రమాదం అనుకుంటారు. రెండింట్లోనూ స్నేహం అన్న ఊహే రాదు. మీ కథకి అసలు గొడవ అక్కడుంది. రాఖీ ఆ గొడవని తీర్చదు. రాజుని ఎత్తి అన్న గడిలో కూర్చోబెడుతుంది, అంతే. పైగా, కట్టకపోతే వీళ్ల మధ్య ఇంకేదో ఉన్నట్టేనని ఒప్పుకున్నట్టవుతుంది. వారం తిరక్కుండా "రాఖీ కట్టి మరీ తిరుగుతున్నరు" అనే రెండో పుకారు పుడుతుంది. ఆడా మగా కనిపిస్తే ముగింపులో పెళ్లో రాఖీనో ఉండాలనే పట్టుదల మంచి కథల్ని ఇలాగే చంపుతుంది. ఆ పాత జబ్బు మీకు అంటకూడదు.

పుకారు ఎలా నడుస్తుందో చూడండి. మీరు పక్కింటావిడ చేత నేరుగా పద్మ తల్లితో "మీ అమ్మాయి ఎవరితోనో తిరుగుతోంది" అనిపించారు. అలా ఎవరూ అనరు. మాట కిరాణా కొట్టు దగ్గర మొదలై, ఇస్త్రీ బండి దాటి, చుట్టాల్లో ఒకరికి చేరి, ఇంటికి ప్రశ్నగా వస్తుంది: "పద్మకి సంబంధాలు చూస్తున్నరా వదినా?" తల్లి ఒక్క క్షణం తడబడితే చాలు. అదే జవాబైపోతుంది.

అదే తల్లికి రాజు పేరు, వాళ్లది ఏ ఊరు, ఇద్దరూ కలిసి చేసే పనేంటి, ఈ మూడూ ముందే తెలిసి ఉన్నాయనుకోండి. "ఆ, రాజా? నల్లగొండ పిల్లగాడు, వీళ్లు నలుగురు కలిసి గ్రూప్-2కి చదువుతున్నరు, మొన్న ఆదివారం ఇంటికొచ్చి తిని పోయిండు" అంటుంది. అడిగినావిడ దగ్గర మోసుకెళ్లడానికి ఇక సరుకు ఉండదు. పుకారుకి తిండి వాళ్లు కలవడం కాదు, తల్లికి తెలియకపోవడం.

ఈ లెక్కన బండి ఘట్టం తిరగరాయాలి. మామూలు రోజుల్లో వాళ్లు సిటీ బస్సులో వెళ్తారు. 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆమెకి టికెట్ ఖర్చు లేదు. ఆమె ముందు సీట్లలో, అతను వెనక, ఎవరికీ కొత్తగా అనిపించదు. రాత్రి తొమ్మిదిన్నరకి బస్సు దొరక్క రాజు బండి మీద తెచ్చి, జాగ్రత్త పేరుతో గల్లీ మొదట్లోనే దింపేశాడని రాశారు. ఆ జాగ్రత్తే కొంప ముంచుతుంది. మలుపులో ఆగిన బండిని, ఒంటరిగా నడిచొస్తున్న పిల్లని చూసినవాళ్లకి దాస్తున్నారనే అర్థమవుతుంది. బయల్దేరే ముందే తల్లికి ఫోన్ చేసి, గేటు దాకా తెచ్చి, బండి ఆపి, "నమస్తే ఆంటీ, బస్సు దొరకలేదు" అని అందరికీ వినపడేలా చెప్పి వెళ్లిపోతే చూసినవాళ్లు చూసిందే చెబుతారు.

ఫోన్‌లో రాజు నంబరు "లత" అని దాచుకోవడాన్ని మీరు తెలివిగా చూపించారు. నా దృష్టిలో కథ విరగాల్సింది అక్కడే. తమ్ముడు ఆట ఆడుకోవడానికి ఫోన్ తీసుకుంటాడు, లత పేరుతో వచ్చిన కాల్ ఎత్తుతాడు, మగ గొంతు వినిపిస్తుంది. ఆ తర్వాత పద్మ చెప్పే ప్రతి నిజమూ అబద్ధంలాగే వినిపిస్తుంది, వెనకటి మూడు నెలల నిజం కూడా.

నన్ను ఎక్కువ కలతపెట్టింది రాజు. గ్రంథాలయం ఎదుటి చాయ్ బండి దగ్గర స్నేహితులు "ఏంరా, సెట్ అయిందా?" అంటే అతను నవ్వి ఊరుకున్నాడు. మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. ఆ నవ్వులో కాస్త గర్వం ఉంది. ఆ నవ్వే సాయంత్రానికి నలుగురికి సాక్ష్యం అవుతుంది. అతనికి అది సరదా, ఆమెకి చదువు మానేయమనే తీర్పు. అక్కడ రాజు చాయ్ గ్లాసు కింద పెట్టి "అట్ల అనకు, ఆమె నాతోటి చదువుకుంటది, ఇంకోసారి అన్నవంటే నేను ఈడికి రాను" అనాలి. ఒకసారి అంటే చాలదు, రెండోసారి నిజంగా రాకుండా ఉండాలి. ఈ పని పద్మ చేయలేదు. ఆమె ఎంత గట్టిగా కాదంటే అంత అనుమానం పెరుగుతుంది.

ఇంట్లో అన్నీ చెప్పేయడం అందరికీ కుదరదు. పేరు చెప్పగానే పుస్తకాలు మూయించి పెళ్లి ఖాయం చేసే ఇళ్లున్నాయి. అలాంటి ఇంటి పిల్ల కథ అయితే స్నేహం గ్రంథాలయం వేళల్లోనే, నలుగురి బల్ల దగ్గరే, రాత్రి మెసేజీలు లేకుండా బతకాలి. ఆ ఇరుకుని రాయండి, దాన్ని తప్పుగా చూపించొద్దు.

ఇద్దరిలో ఒకరికి మనసు మారితే ఏం చేయాలని అడిగారు. రాజు ఆమెకి వచ్చిన సంబంధాలన్నిటికీ వంకలు పెట్టడం మొదలుపెడితే మారినట్టే. అప్పుడు చెప్పేసి కొన్నాళ్లు దూరం జరగాలి. స్నేహం పేరు పెట్టుకుని దగ్గరే కాచుక్కూర్చుంటే వాడకట్టు అనుమానమే నిజమవుతుంది.

చివరి పేజీకి నా మాట. రాఖీ తీసి శుభలేఖ పెట్టండి. పద్మకి పెళ్లి కుదిరింది. నిశ్చితార్థానికి ముందే ఆమె కాబోయే భర్తకి రాజు గురించి చెప్పింది, ముగ్గురూ ఒకసారి చాయ్ తాగారు. పద్మ నాన్న కార్డు మీద రాజు పేరు కాకుండా వాళ్ల నాన్న పేరు, "సకుటుంబంగా" అని రాసి, బొట్టు పెట్టి పిలవడానికి భార్యతో కలిసి నల్లగొండ బస్సెక్కాడు. తలుపు తీసిన రాజు వాళ్లమ్మ వీళ్లెవరో తెలియక "మీరు మాకేమైతరు?" అని అడుగుతుంది. పద్మ తల్లి ఏం చెబుతుందో మీరే రాయండి. రాశాక ఆ పేజీ ఒక్కటే నాకు పంపండి.